మీ నుండి సమాధానం రాలేదు

నేను చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. ఫోను లైనులో మాటలు ఎందుకు పాడయ్యాయని మీటింగులో చర్చ వచ్చినప్పుడు, పాడుచేసింది నేనే అయినా, తప్పు అక్క మీద పడుతుంటే మైకు మూసుకొని కూర్చున్నాను. ఆ తర్వాత చాలాకాలం, అడిగినవాళ్లకు గానీ అడగనివాళ్లకు గానీ, ఆ ముచ్చట చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నా మీద నాకు కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. అది తగ్గేలా లేదు.

మాది గోదావరిఖని. నాన్న బొగ్గు బావిలో పనిచేశాడు. నేను దిగలేదు, ఇంట్లో కూర్చొని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తర్జుమాలు చేస్తాను. మందుల పెట్టెల మీది కాగితాలు, బీమా పత్రాలు, ఇలాంటివి. మా పట్టణంలోని ఒక ప్రైవేటు దవాఖాన ఓపీ చీటీలను ఫోను మీదే ఇవ్వాలనుకొని హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి పని అప్పగించింది. ఫోను చేస్తే మనిషి పలకడు, యంత్రం పలుకుతుంది. దవాఖాన కార్డు నంబరు అడుగుతుంది, ఏ డాక్టరో అడుగుతుంది, చీటీ రాస్తుంది. ఆ యంత్రం అనాల్సిన మాటలన్నీ ఇంగ్లీషులో ఒక పట్టికగా నాకు వచ్చాయి. పక్క గడిలో తెలుగు రాయాలి. దాని పక్క గడిలో, చదివి సరిచూసినవాళ్ల పేరు ఉండాలి.

సరిచూడ్డానికి ఇక్కడి మనిషే కావాలన్నారు. నాకు అక్క గుర్తొచ్చింది. వరుసకు కాదు, అందరికీ అక్కే. గనుల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు లైన్లు కలిపి రిటైరైంది. మా కాలనీ వెనక రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఎవరింట్లో ఎవరికి బాగాలేకపోతే వాళ్లింటికి. దవాఖానలో చీటీ కోసం తెల్లారి నుంచి లైన్లో నిలబడే ముసలివాళ్ల తరఫున అక్కే కౌంటరులో కొట్లాడేది. పని సంగతి చెప్పగానే ఒప్పుకొంది.

"ఇది మంచిగయితే మావోళ్లకు గా లైన్ల నిలవడే బాధ తప్పుతది తమ్మీ. నా పేరు రాస్తరా దాంట్ల?"

"రాస్తరక్కా. ప్రతి మాట పక్కన."

"అట్లయితే జాగర్తగ చెయ్యాలె. నా పేరు మీద చెత్త మాట పోవద్దు."

ఆమె పని చేసే తీరు నేను ఎక్కడా చూడలేదు. కాగితం మీద చదవదు. నన్ను చదవమని, తను గోడవైపు తిరిగి, చెవి మీద చెయ్యి పెట్టుకొని వింటుంది. ముఖం కనిపిస్తే అర్థమైనట్టే అనిపిస్తుందట. తర్వాత అదే మాటను తను ఒక్క ఊపిరిలో అంటుంది. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే కొట్టేయమంటుంది.

కార్డు నంబరు అడిగే మాటకు నేను మొదట రాసింది ఇది: "దయచేసి మీ కార్డు నంబరును, బీప్ శబ్దం వినిపించిన తరువాత, నిదానంగా, స్పష్టంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము."

అక్క గోడవైపు నుంచి తిరిగి నన్ను చూసింది. "ఏంది తమ్మీ ఇది, పెండ్లి పత్రికనా? కార్డు నంబరు అనంగనే మా ముసలోళ్లు నంబరు చెప్పుడు షురూ జేస్తరు. నీ కోరుతున్నాము అయ్యేదాంక ఎవడాగుతడు?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ లైనులో యంత్రం మాట్లాడుతున్నంతసేపూ వినదు. మధ్యలో చెప్పిన జవాబును అందుకొనే ఏర్పాటు అందులో పెట్టలేదు. బీప్ మోగాకే చెవి తెరుస్తుంది. కాబట్టి బీప్ సంగతి ముందు చెప్పాలి, కావలసింది చివర అడగాలి, అడిగిన వెంటనే బీప్ మోగాలి. అక్క రాయించింది ఇది: "బీప్ తర్వాత మీ కార్డు నంబరు చెప్పండి." అంతే.

జవాబు వినిపించనప్పుడు అనే మాట దగ్గర ఇంకా గట్టిగా పట్టుబట్టింది. నేను "మీ నుండి ఎటువంటి సమాధానమూ రాలేదు" అని రాశాను.

"రాలేదంటవేంది? వాడు చెప్పిండో లేదో నీ మిషనుకేమెరుక? చెవుడు మిషనుది, నింద మనిషి మీదనా? మేము ఎక్స్ఛేంజిల ఎన్నడు గట్ల అనలే. బావి కాడికెళ్లి ఫోన్ చేసేటోడు ఏ ఆపతిల ఉండి చేస్తున్నడో! 'వినపడలేదండి, మళ్లీ చెప్పండి' అనాలె. తప్పు మన మీదేసుకుంటె ఏం పోయింది? గా 'అండి' ఒక్కటి చాలు మర్యాదకు."

నాలుగు మధ్యాహ్నాలు కూర్చొని పట్టిక మొత్తం అలా పూర్తి చేశాం. ప్రతి వరుసలో అక్క పేరు పడింది. పాత వాక్యాలను, కొత్త వాక్యాలను ఆమె ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకొంది.

పంపే ముందు నేను ఒక్కడినే ఇంకోసారి చదివాను. కాగితం మీద ఆ మాటలు బోడిగా కనిపించాయి. "చెప్పండి" అంటే ఆజ్ఞాపించినట్టు అనిపించింది. ఇరవయ్యేళ్లుగా తర్జుమా చేస్తున్నవాణ్ని, ఇంత చిన్న వాక్యాలు పంపితే ఏం చేశాడనుకుంటారు అనిపించింది. అదే అసలు కారణం. మర్యాద అని అప్పుడు నాకు నేను చెప్పుకొన్నాను, కానీ అది మర్యాద కాదు, నా గొప్ప. కార్డు నంబరు మాటను, వినిపించనప్పటి మాటను, ఇంకో ఏడెనిమిదింటిని నా పాత వాక్యాలతో మార్చేశాను. పక్క గడిలో అక్క పేరు మాత్రం అలాగే ఉంచాను. ఆమెకు ఫోను చేయడానికి రెండు నిమిషాలు పట్టేది. చేయలేదు.

కాలనీ కమ్యూనిటీ హాల్లో పరీక్ష పెట్టారు. అక్క తనే ఇల్లిల్లూ తిరిగి రిటైరైన కార్మికులను పిలుచుకొచ్చింది. స్పీకరు పెట్టి, ఒక్కొక్కరూ ఫోను చేయాలి. మొదట కూర్చున్నది, నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసిన ముసలాయన, మేం కాక అంటాం. యంత్రం "దయచేసి మీ కార్డు నంబరును" అనగానే కాక ఎనిమిది అంకెలూ గడగడా చదివేశాడు. యంత్రం తన మానాన తను కోరుతూనే ఉంది. బీప్ మోగేసరికి కాక చెప్పడం అయిపోయి చేతులు కట్టుకొని కూర్చున్నాడు.

"క్షమించండి. మీ నుండి ఎటువంటి సమాధానమూ రాలేదు."

"రాలేదా? ఎనిమిదికి ఎనిమిది చెప్పినగద!"

మళ్లీ అదే పొడవు మాట. మళ్లీ కాక ముందే చెప్పాడు, ఈసారి కొంచెం నిదానంగా. చివరి మూడంకెలు బీప్ తర్వాత పడ్డాయి. నంబరు పూర్తిగా లేదని యంత్రం చెప్పింది. మూడోసారి కాక లేచి నిలబడి, బీప్ కంటే ముందే అరిచాడు. మూడుసార్లూ తప్పితే లైను కట్టయ్యేలా పెట్టారు, కట్టయింది.

వెనక నుంచి ఎవరో అన్నారు: "కాకా, దానికి చెవుల బొగ్గు దుమ్ము పోయినట్టున్నది."

హాలంతా నవ్వింది. కాక నవ్వలేదు. కార్డు జేబులో పెట్టుకొని, "నాకు మాట్లాడరాదంటది బిడ్డా ఇది," అని అక్కతో అని వెళ్లిపోయాడు. పన్నెండు మందిలో ముగ్గురికే చీటీ వచ్చింది. అక్క స్పీకరు దగ్గర నిలబడి ఆ మాటలు వింటూనే ఉంది. అవి తను రాయించినవి కావని ఆమెకు తెలిసింది. నా వైపు చూసింది. "హైదరాబాదోళ్లు మార్చిన్రా తమ్మీ?" అంది మెల్లగా.

"అయ్యుంటదక్కా," అన్నాను.

ఈ ఒక్క మాట గుర్తొస్తే ఇప్పటికీ చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు రోజులకు ఆన్‌లైను మీటింగు. పని నడిపించే కుర్ర మేనేజరు పట్టిక తెర మీద పెట్టాడు. "ప్రాబ్లమ్ యాసలో ఉన్నట్టుంది సర్. అక్కడివాళ్ల ఉచ్చారణ సిస్టమ్‌కు అందట్లేదు. పైగా ఈ మాటలు చెక్ చేసిన మేడమ్ కూడా అక్కడివారే. ఆవిడ ఓకే చేశారంటే, ఆవిడకి ఈ పని తెలియదనే కదా? ఇక్కడ ఎవరినైనా పెట్టుకుందాం. మీరేమంటారు?"

కోపం రావలసింది అక్కడ. మా కాక ఎనిమిది అంకెలు తప్పు లేకుండా చెప్పాడు. ఆ అంకెలను ఎవరూ వినలేదు, యాస దాకా పోనేలేదు. ఆ మాట అనాల్సింది. పొడవు వాక్యం నాది, ఆవిడది కాదు అనాల్సింది. తెర మీద నా పేరు పక్కన మైకు గుర్తు మీద గీత ఉంది. అతను రెండోసారి అడిగాడు. "మీ ఇష్టం," అని మీటింగు చాట్‌లో టైపు చేశాను.

అక్కకు ఆ సంగతి ఫోనులో నేనే చెప్పాను. పద్ధతి మారిందన్నాను. "మంచిది తమ్మీ. మనోళ్లే సరిగ్గ మాట్లాడలేదేమో," అంది. ఆమె చేతే ఆ మాట అనిపించాను.

దానితో ఆగినా బాగుండేది. మాటలు తిరగరాయమని కంపెనీ నాకే ఇచ్చింది. నేను అక్క వాక్యాలనే వరుసగా దింపి, సవరించిన ప్రతి అని నా పేరుతో పంపాను. ఈసారి లైను పనిచేసింది. పొట్టిగా, మర్యాదగా, నోటికి సహజంగా ఉన్నాయని మేనేజరు మెచ్చుకొంటూ మెయిలు పెట్టాడు. ఆ మెయిలుకు ధన్యవాదాలు చెప్పాను. ఇటు కాలనీలో అక్క కనిపిస్తే, "నీ మిషను బాగయిందటనే! నిన్ను తీసేసినంకనే బాగయింది," అని వేళాకోళం చేసేవారు. దవాఖాన కౌంటరు దగ్గరికి పోవడం ఆమె మానేసింది. నేను ఆ వీధి నుంచి వెళ్లడం మానేశాను.

నన్ను కదిలించింది కాక. మొన్న బస్టాండులో కలిసి, చీటీ ఇప్పుడు ఫోను మీదే తీసుకుంటున్నానని గొప్పగా చెప్పాడు. "'వినపడలేదండి' అంటది బిడ్డా. పాత ఎక్స్ఛేంజి లెక్క. అక్క మాట లెక్కనే ఉంటది." కాకకు తెలిసిపోయింది. ఫోను చేసిన ప్రతివాడికీ అక్క మాటే వినిపిస్తోంది. తెలియనట్టు తిరుగుతున్నది నేను ఒక్కణ్ని.

ఇంటికి వచ్చి మేనేజరుకు రాశాను. ఏ వాక్యం ఎవరిది, ఏది ఎప్పుడు మార్చాను, అన్నీ పట్టికలో మిగిలిన పాత ప్రతులతో సహా చూపించాను. పక్క గడిలో అక్క పేరు తిరిగి పెట్టాలని, అలా పెట్టకపోతే నా పేరు కూడా తీసేయమని రాశాను. జవాబు ఇంకా రాలేదు. ఆగకుండా అక్క ఇంటికి వెళ్లాను.

ఆమె బియ్యం చెరుగుతోంది. కూర్చోమని కూడా అనలేదు. దారంతా కూడబలుక్కొన్నది మొదలుపెట్టాను. "అక్కా, నన్ను క్షమించు, అప్పటి పరిస్థితుల్లో నేను..."

"ఆగు," అంది చాట దించకుండానే. "మళ్ల పెండ్లి పత్రిక చదువుతున్నవ్. ఏం జేసినవో అది జెప్పు."

ఆమె చాట పక్కన పెట్టి గోడవైపు తిరిగింది. చెవి మీద చెయ్యి పెట్టుకొంది.

"నీ మాటలు మార్చింది నేనే అక్కా. హైదరాబాదోళ్లు కాదు. నింద నీ మీద పడుతుంటే నోరు మూసుకున్న. తర్వాత నీ మాటలే నా పేరు మీద పంపిన. తప్పు నాది. మాఫ్ చెయ్యి."