నాలుగూ సరైనవే, ముందు ఏది?

మా అమ్మాయి రెండోసారి పరీక్ష తప్పిన రోజున ఏలూరులో మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మనవరాలికి మాత్రం పాలు కాచి ఇచ్చాను.

అమ్మాయి నర్సు. అల్లుడు కొల్లేటి చేపల చెరువు దగ్గర మోటారు షాకు కొట్టి పోయాక, పిల్లని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చేసింది. కొన్నేళ్ళు ఇక్కడే ఒక చిన్న నర్సింగ్ హోంలో చేసి, తర్వాత తాడేపల్లిగూడెంలో పెద్దాసుపత్రి ఐసీయూలో చేరింది. పొద్దున్నే రైలెక్కి వెళ్ళేది, పొద్దుపోయాక వచ్చేది. అక్కడివాళ్ళు చెప్పేశారు, ఐసీయూ సర్టిఫికెట్ పరీక్ష పాసైతేనే ఉంచుతామని. ఆ పరీక్ష రాయడానికి ఉన్నవి మూడు అవకాశాలు. రెండు అయిపోయాయి.

మూడోది కూడా పోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. మండవల్లి నుంచి వాళ్ళ బావగారు, అంటే మా అల్లుడి అన్న, ఫోను చేస్తూనే ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, మాట మెత్తన.

"అత్తయ్యగారూ, ఎందుకండీ ఈ అవస్థ? పిల్ల మా తమ్ముడి బిడ్డ. తల్లీకూతుళ్ళిద్దర్నీ పంపించేయండి. ఇక్కడ చెరువు పనోళ్ళకి వండిపెట్టే మనిషి కావాలి కూడానూ."

ఆ చివరి మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఒకసారి ఆ గట్టు మీద వంటకి కుదురుకుంటే మళ్ళీ తెల్లచీర యూనిఫాం కట్టే రోజు రాదని అమ్మాయికీ తెలుసు.

నేను అయిదో తరగతితో ఆపేసిన మనిషిని. ఆ ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి. నేను కూర తరుగుతుంటే అది చదివి తెలుగులో చెప్పేది. ఊరికే జవాబు తెలిస్తే సరిపోయే ప్రశ్నలు కావవి. ఒక కథ చెప్పి, నర్సు ముందుగా ఏం చేయాలి అని అడుగుతారు. కింద నాలుగు జవాబులుంటాయి. తమాషా ఏమిటంటే ఒక్కోసారి నాలుగూ చేయవలసిన పనులే.

"ఆపరేషన్ అయిన మనిషికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చిందమ్మా. ఆక్సిజన్ లెక్క పడిపోతోంది. డాక్టరు గారికి చెప్పాలా, మంచం తలవైపు ఎత్తాలా, కేస్ షీట్లో రాయాలా, ఇంటివాళ్ళకి చెప్పాలా?"

"డాక్టరు గారికే చెప్పాలి, ఇంకెవరికి చెప్తారే?" అన్నాను.

"నేనూ అదే పెట్టాను," అంది.

ఆ ఆదివారం గూడెం నుంచి వాళ్ళ వార్డు పెద్ద సిస్టరు మా ఇంటికి వచ్చింది. ఆవిడ ఆ పరీక్ష ఎప్పుడో పాసైంది. పుస్తకంలో అమ్మాయి పెట్టిన టిక్కులు చూసి పకపకా నవ్వింది.

"ఏమ్మా, ఎక్కడ చూసినా డాక్టరు గారికి ఫోనేనా? అవతల మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆయన ఫోనెత్తేదాకా చూస్తూ నిలబడతావా?"

అమ్మాయి మొహం ఎర్రబడింది. "మా నర్సింగ్ హోంలో అంతేనక్కా. ఒకసారి నేనే మంచం ఎత్తి ఆక్సిజన్ పెట్టాను. నన్నడక్కుండా పెట్టమని ఎవరు చెప్పారని డాక్టరుగారు అందరి ముందూ తిట్టారు. అప్పట్నుంచి చెయ్యి రాదు."

"ప్రశ్నలో మీ నర్సింగ్ హోం లేదమ్మా. అక్కడ సిలిండరు నిండుగా ఉంటుంది, మనుషులు సరిపడా ఉంటారు, నిన్ను తిట్టేవాళ్ళెవరూ లేరు. కథలో లేనిది నువ్వు తెచ్చి కలపకు. ముందు మంచం ఎత్తు, ఆ తర్వాతే ఫోను."

ఆవిడ మాట పట్టుకుని అమ్మాయి రెండోవైపుకి ఒరిగిపోయింది. డాక్టరు అన్న జవాబు కనిపిస్తే చాలు, కొట్టేసేది. ఆ వారం ఇంట్లో రాసుకునే మాదిరి పరీక్షల్లో మార్కులు ఇంకా తగ్గాయి. చీటీలో రాసిన మందు మోతాదు మామూలుకంటే చాలా ఎక్కువగా ఉంది, ఏం చేస్తావు అన్న ప్రశ్నకి, తనే తగ్గించి ఇస్తానని పెట్టింది. ఫోనులో సిస్టరు అరిచిన అరుపు నాకు వంటింట్లోకి వినిపించింది.

"మందు తగ్గించే అధికారం నీకెవరిచ్చారమ్మా? ఇవ్వకుండా ఆపు, అప్పుడు డాక్టరుకి చెయ్యి ఫోను! నీ చేతిలో పని ఉన్నంతవరకు నువ్వు చెయ్యి. నీ చేతిలో లేనిది వచ్చినప్పుడు పిలువు."

అమ్మాయి ఫోను పెట్టేసి పుస్తకం గోడకేసి కొట్టింది. "నా వల్ల కాదమ్మా. బావగారికి చెప్పెయ్యి, వచ్చేస్తామని."

పుస్తకం తీసి దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాను. పిల్ల వచ్చి తల్లి మెడ పట్టుకుంటే అది గట్టిగా ఏడ్చింది. ఆ రోజు దాని మొహం చూస్తే అల్లుడి శవాన్ని ఇంటికి తెచ్చిన రోజే గుర్తొచ్చింది నాకు.

సాయంత్రం సిస్టరే మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గొంతు తగ్గించింది. అమ్మాయి ఫోను స్పీకరులో పెట్టింది గనక నేనూ విన్నాను.

"చూడమ్మా, ఆఖరి వాక్యం ముందు చదువు. ముందుగా ఏం చేయాలి అంటున్నారా, ఇది చేశాక తర్వాత ఏమిటి అంటున్నారా చూసుకో. తర్వాత కథలో ఇప్పటికే ఏం తెలుసో చూడు. గుండెల్లో బరువుగా ఉంది అని మాత్రమే ఉంటే నీకింకా ఏమీ తెలియదు. వెళ్ళి చూడు, అడుగు, బీపీ పట్టు. అన్నీ కొలిచేసి అంకెలు ఇచ్చేశారా, మళ్ళీ కొలవకు, పని చెయ్యి. రక్తం ఎక్కిస్తుంటే చలి, నడుంనొప్పి అన్నాడనుకో?"

"రక్తం ఆపేయాలి."

"ఆపాకే మిగతావన్నీ. నాలుగూ మంచివే అనిపిస్తే ఒక్కటడుక్కో. వీటిలో ఒక్కటే చేసి గదిలోంచి వెళ్ళిపోవాలంటే, ఏది చేయకపోతే మనిషి పోతాడు?"

అమ్మాయి ఆ మాట పుస్తకం అట్ట మీద రాసుకుంది.

ఆ తర్వాత రోజూ నేనే పేషెంటుని. గిన్నెలు తోముతూ మూలిగేదాన్ని. "అమ్మా, నీ గుండె చూపించే మెషిన్ మీద గీత తిన్నగా పోయింది, అలారం కొడుతోంది. నువ్వేమో నాతో కబుర్లు చెప్తున్నావు. ముందేం చేయాలి?"

"నాకు కాఫీ ఇవ్వాలి."

"అమ్మా!"

"గుండె ఆగినదాన్ని ఇలా గిన్నెలు తోముతానా ఏంటే?"

"అంతే, మనిషిని చూడాలి. వైరు ఊడిందేమో తర్వాత చూసుకోవచ్చు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అయినా మర్నాడు తప్పులొస్తే మళ్ళీ అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది.

పరీక్ష ఏలూరులోనే, కంప్యూటరు సెంటర్లో. ఫలితం అక్కడికక్కడే కాగితం మీద ఇచ్చేస్తారు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. మండవల్లి బావగారు కూడా వచ్చారు, ఆటో మాట్లాడుకుని.

"ఏమైనా ఈ రోజుతో తేలిపోతుందిగదండీ. సామాన్లు సర్దుకోవడానికి సాయంగా ఉంటానని వచ్చాను," అన్నారు. ఆయన మర్యాదకే అన్నారు.

లోపల ఏం జరిగిందో అది తర్వాత చెప్పింది. సగం దాటాక ఒక ప్రశ్న దగ్గర బుర్ర ఆగిపోయిందట. నాలుగు జవాబులూ చదివింది, నాలుగూ చేయవలసినవే. చెయ్యి దానంతటదే డాక్టరు మీదకి పోయింది. అక్కడ ఆగి, ఆఖరి వాక్యం మళ్ళీ చదివిందట. పేషెంటు గొంతులో కఫం అడ్డుపడి గురగురమంటోంది, దగ్గలేకపోతోంది, కఫం లాగే సక్షన్ మెషిన్ పక్కనే ఉంది. ముందు గొంతు శుభ్రం చేయాలని పెట్టి, వెనక్కి చూడకుండా తర్వాతదానికి వెళ్ళిపోయిందట.

బయటికి వచ్చేటప్పటికి చేతిలో కాగితం. మొహంలో ఏమీ లేదు.

"పాసయ్యానమ్మా. కొద్దిలో తప్పింది గండం," అంది. మెట్టు మీద కూలబడి వగరుస్తోంది, ఎంత దూరమో పరిగెత్తినట్టు.

బావగారు కాగితం తీసుకుని పైకీ కిందకీ చూశారు. "మరి... పిల్ల సంగతి? మా అమ్మ ఏమంటుందో, పెద్దవాళ్ళని ఒక మాట అడిగి..."

అదివరకు ఆయన ముందు తలెత్తని మా అమ్మాయి, లేచి నిలబడింది.

"అత్తయ్యగారికి నేనే చెప్తానండి బావగారూ. పిల్ల నా దగ్గరే ఉంటుంది. సెలవులకి తీసుకొస్తాను, మీరూ రండి. ఆటో ఆయన్ని పంపించేయండి పాపం, ఎంతసేపటి నుంచో ఎండలో ఉన్నాడు."

ఆయన కాగితం తిరిగిచ్చేసి, ఆటో దగ్గరికి నడిచారు. అమ్మాయి నా భుజం పట్టుకుని, "ఆకలేస్తోందమ్మా," అంది.