సాఫ్

కాదండీ, ప్రొబేషన్ అంటే పని నేర్చుకునే కాలమని ఎవరైనా అంటే నేనింకా ఒప్పుకోను. ఆ ఆరు నెలలూ నేను నేర్చుకున్నది ఊపిరి బిగబట్టడం ఒక్కటే. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉద్యోగం నాది. ఆరు నెలలు నిండగానే మా సారు ఒక ఫారం నింపాలి: పర్మినెంటు, ఇంకో మూడు నెలల పొడిగింపు, లేదా పదిహేను రోజుల నోటీసుతో ఇంటికి. గడువు దాటినంత మాత్రాన పర్మినెంటు అయిపోయినట్టు కాదు, చేతికి లెటర్ రావాల్సిందే. (ఆఫర్ లెటర్‌లోని ఈ పేరాను ఫోన్‌లో ఫొటో తీసుకుని, చిక్కడపల్లి మెట్రోలో దిగి నడిచొస్తూ రోజూ చదివేదాన్ని. ఒకసారి స్తంభానికి గుద్దుకున్నాను కూడా.)

ఫారానికి ఇంకా నాలుగు రోజులుందనగా సారు పిలిచి, "చరిత్ర ప్రశ్నల ఫోల్డర్ జర సాఫ్ చెయ్యమ్మా" అన్నారు. కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడిన మా ఇంట్లో సాఫ్ అంటే బిర్యానీ గిన్నె సాఫ్, అంటే మెతుకు మిగలకూడదు. నేనూ అలాగే చేశాను. రెండు వేల ప్రశ్నలు, జవాబులతో సహా డిలీట్. రెండుసార్లు వచ్చినవి ఏరెయ్యడం, అచ్చుతప్పులు దిద్దడం ఆయన ఉద్దేశమని పక్క సీటు అక్క చెప్పేసరికే ఫోల్డర్ ఖాళీ.

డిలీట్ చేసినవి నెల రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, కానీ తిరిగి తెచ్చే అధికారం సారుకే ఉంది. అక్క మెల్లగా ఉపాయం చెప్పింది. "నాలుగు రోజులు గమ్మునుండు. లెటర్ చేతికొచ్చినంక చెప్పు. ఏమైతది?"

చెప్పొద్దూ, ఆశ పుట్టింది. వెంటనే ఒళ్ళు మండింది కూడా. నాలుగు రోజులు దొంగలా కూర్చునే ఉద్యోగం నాకెందుకు? పంపితే పంపనీ అనుకుని, ఫోన్ బల్ల మీదే వదిలేసి (అదే మొదటిసారి) లోపలికి వెళ్ళాను.

"సార్, మొత్తం సాఫ్ అయింది."

"శభాష్. ఒక్క గంటలనేనా?"

"అంటే, ఏమీ మిగల్లేదు సార్. మీరు బుట్టలోంచి తీస్తే ఇవాళే సరిగ్గా చేసిస్తా."

ఆయన నన్ను చూశారు, స్క్రీన్ చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "గిట్ల ఎవలన్న జేస్తరా తల్లీ" అంటూనే అన్నీ తిరిగి తెచ్చారు. ఇవాళే అన్నాను గానీ మూడు రోజులు పట్టింది, ఒక్కో ప్రశ్నా చూసి ఏరాను.

నాలుగో రోజు లెటర్ వచ్చింది, పర్మినెంటు. దాంతోపాటు ఇచ్చిన ఫారంలో అభిప్రాయం గడిలో సారు రాసింది ఒక్కటే వాక్యం: "చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తుంది."

దాని ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. అక్క అది వెక్కిరింపంటుంది. స్తంభానికి గుద్దుకున్న ఆ పిల్ల తరఫున నేను మాత్రం పొగడ్తే అంటాను. కాదని మీరనగలరా?