ఫ్యానమ్మ పైచూపు

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. వీధి మొత్తానికీ ఆవిడ ఫ్యానమ్మ. బడిలో ఆయాగా ఉన్నన్నాళ్లూ, పిల్లలు వెళ్లిపోయాక గది గదికీ తిరిగి ఫ్యాన్లు ఆపడం ఆవిడ పని. ఉద్యోగం మానింది గానీ అలవాటు మానలేదు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తలెత్తి కప్పు చూస్తుంది, తర్వాతే మనుషుల్ని.

దానికి తగ్గట్టే దొరికాడు అల్లుడు. ఆయనకు గాలి ఎంతున్నా చాలదు. పైన ఫ్యాను తిరుగుతుండగానే పక్కన ఇనప స్టాండు ఫ్యాను పెట్టుకుంటాడు. కరెంటు పోతే ఓర్చుకోలేక ఇన్వర్టరు కూడా కొన్నాడు. ఇంట్లోనే బట్టలు కుట్టే కూతురు వీళ్లిద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్క.

"అల్లుడుగారూ, మీరు లేని గదిలో గాలి ఎవరికండీ?"

"మళ్లీ తిరిగొస్తాగా అత్తయ్యా!"

రోజూ ఇదే పాట.

ఆ ఉదయం ఆయన స్నానం చేసొచ్చి, తడి చేత్తోనే స్టాండు ఫ్యానును తనవైపు తిప్పుకోబోయాడు. కేక సగంలోనే ఆగిపోయింది. మిషను దగ్గర్నుంచి కూతురు, వంటింట్లోంచి ఫ్యానమ్మ ఒక్కసారే గుమ్మంలోకి వచ్చారు. ఆయన వేళ్లు ఇనప గొట్టం చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఒళ్లంతా వణుకుతోంది, వదిలించుకోలేకపోతున్నాడు.

"ఏవండీ!" అంటూ కూతురు దూకబోయింది. ఫ్యానమ్మ నడుం పట్టి వెనక్కి లాగింది.

"ముట్టుకోకు! నిన్నూ పట్టేస్తుంది. పరుగెత్తి మెయిన్ ఆపు!"

మెయిన్ వీధి గుమ్మం పక్కనే ఉంది. వంటింట్లో ఫ్రిజ్ మోత ఆగిపోయింది. "ఆపేశానమ్మా!" అంటూ కూతురు వచ్చి మొగుడి మీదికి చేయి చాచింది.

ఫ్యానమ్మ తలెత్తి చూసింది. అంత గాభరాలోనూ అలవాటు ఊరుకోదు కదా. ఆపిన ఫ్యాను కూడా కాసేపు తిరుగుతుంది, ఆ సంగతి ఆవిడకు ఒకరు చెప్పాలా? కానీ ఆగబోయే ఫ్యాను నీరసపడుతుంది, రెక్కలు విడివిడిగా కనబడతాయి. ఇది మాత్రం అదే ఊపులో ఉంది.

"ఆగవే! కరెంటు ఇంకా ఉంది. ఇన్వర్టరు!"

మెయిన్ ఆపగానే అది తన పని మొదలుపెట్టింది. ఫ్యానమ్మ హాల్లోకి ఉరికి దాని బటన్ నొక్కేసింది. పైన రెక్కలు నెమ్మదించాయి. అల్లుడి వేళ్లు సడలాయి, ఆయన గోడవెంట జారి నేలమీద ఒరిగిపోయాడు. అప్పటికీ ఆవిడకు నమ్మకం చాల్లేదు. చెప్పులు వేసుకుని, కూతురు గుడ్డ కొలిచే పొడి చెక్క స్కేలుతో స్టాండు ఫ్యానును దూరంగా నెట్టాకే ఆయన్ని ముట్టుకోనిచ్చింది.

కూతురు అంబులెన్సుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అవతల ఒకమ్మాయి తొణక్కుండా మాట్లాడింది. "ఛాతీ మామూలుగా లేచి దిగుతోందా?"

"ఆఁ, లేస్తోందండీ. పిలిస్తే మాత్రం పలకట్లేదు."

"అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కాస్త వెనక్కి ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. ఫోన్ పెట్టేయకండి. ఊపిరి ఆగినా, ఎగశ్వాసలా వచ్చినా వెంటనే చెప్పండి. అప్పుడు ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి. ఎలాగో నేను చెబుతాను."

ఫ్యానమ్మ ఆయన పక్కనే చతికిలబడింది. ఇక కప్పు మాటే గుర్తు రాలేదు. ఆ ఛాతీ మీదనుంచి చూపు తిప్పలేదు. ఆవిడకు చచ్చేంత భయం వేసింది. ఈ మనిషితో పడ్డ పోట్లాటలన్నీ మళ్లీ పడితే బాగుండుననిపించింది.

కాసేపటికి అల్లుడు కళ్లు తెరిచాడు. అరచేయి కమిలి ఉంది. కూతురు మగ్గుతో దానిమీద చన్నీళ్లు ధారగా పోస్తూ కూర్చుంది. ఇంకాసేపటికి పూర్తిగా తెలివొచ్చి, "నాకేం కాలేదు, ఆఫీసుకు టైమవుతోంది" అంటూ లేవబోయాడు.

"నోర్మూసుకుని పడుకో!"

పెళ్లైన నాటి నుంచీ ఆయన్ని "మీరు" అని తప్ప పిలిచి ఎరగదావిడ. ఆయన బుద్ధిగా పడుకున్నాడు.

"పెద్దావిడ చెప్పిందే సరి," అంది ఫోన్లో అమ్మాయి. "పైకి బాగానే ఉన్నా కరెంటు వల్ల గుండె లయ తప్పొచ్చు. డాక్టరు చూడాల్సిందే."

ఆసుపత్రిలో ఆయన ఛాతీకి గుండె లయ చూపే మిషను తీగలు అంటించి మర్నాటిదాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఈలోగా ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. లోపలి వైరు పొట్టు ఊడి గొట్టానికి తగులుతోందట. బయట పడేసిన ఆ స్టాండు ఫ్యానును మళ్లీ ఎవరూ ఇంట్లోకి తేలేదు.

ఇంటికొచ్చిన మధ్యాహ్నం, అల్లుడు మంచం మీంచి లేచి మొహం కడుక్కోడానికి వెళ్లాడు. మామూలే, పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్యానమ్మ గదిలోకొచ్చింది, తలెత్తి చూసింది, స్విచ్చు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఆపెయ్యమ్మా, గదిలో ఎవరూ లేరుగా," అంది కూతురు.

"ఉండనివ్వవే," అంది ఫ్యానమ్మ, చెయ్యి తీసేస్తూ. "తిరిగొస్తారుగా."