సున్నా దినం

తిరుపతిలో మా ఆస్పత్రి డాక్టరుకి తెలుగు రాదు. ఉత్తరాది నుంచి వచ్చాడు. రోగులు చెప్పింది ఇంగ్లీషులో ఆయనకూ, ఆయన చెప్పింది తెలుగులో వాళ్లకూ అందించడం నర్సుగా నాకు అదనంగా తగిలిన పని. నాకు కాస్త పొగరు కూడా ఉండేది. మనం 'మొన్న' అని ఒక్క మాటలో తేల్చేదాన్ని ఇంగ్లీషులో 'డే బిఫోర్ ఎస్టర్డే' అని మూడు మాటలు పేర్చి చెప్పాలి. 'ఎల్లుండి'కీ అదే తిప్పలు. 'ఆవలెల్లుండి' అంటే ఇక వాళ్ల దగ్గర మాటే లేదు, వేళ్లు లెక్కపెట్టుకోవాల్సిందే. ఈ సంగతి డాక్టరుకి రెండు మూడుసార్లు గుర్తు చేశాను కూడా. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ సోమవారం ఐరాల నుంచి ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది. తిరుపతిలో చెల్లెలింటికి వచ్చి ఉండగా వీధికుక్క మీద పడిందట.

"ఎప్పుడు కరిసింది అక్కా?"

"మొన్న సాయంత్రం అమ్మా. నెత్తురు రాలేదు, పన్ను గీరుకునిందంతే. సున్నం పూసినాను."

డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పాను. సబ్బుతో కడిగించి, సూది వేయించి, కార్డు మీద తేదీలు లేకుండా అంకెలే రాశాడు: డే 0, డే 3, డే 7, డే 28. తరువాతది ఎప్పుడో చెప్పమన్నాడు. నేను రోజూ చెప్పేదే చెప్పాను.

"మూడో రోజు రా అక్కా."

ఆమె చూపుడువేలు మడిచింది. "ఈ పొద్దొకటి, రేపు రెండు. అంటే ఎల్లుండి." నేను అప్పటికే తరువాతి మనిషిని పిలుస్తున్నాను. ఊ కొట్టేశాను.

బుధవారం ఆమె బట్టల సంచీతో వచ్చింది. సూది వేసుకుని అటునుంచటే ఊరి బస్సెక్కాలని. కార్డు చూశాను. మామూలుగా అనేమాటే అన్నాను.

"ఈ రోజు కాదక్కా, రేపు రావాల."

"నువ్వే గదమ్మా మూడో రోజన్నావు?"

డాక్టరుని అడిగాను. డే 3 అంటే గురువారమే, ముందుగా వేయనని ఖరాఖండిగా చెప్పాడు. సూది వేసిన రోజు సున్నా, లెక్క మరుసటి రోజు నుంచి అని ఆమెకు వివరించాను. ఆమె సంచీ కింద పెట్టింది.

"సున్నా దినమా? సూది గుచ్చితే నొప్పి పుట్టింది గదమ్మా, అది దినం గాదా? బిడ్డ పుట్టినా, మనిషి పోయినా ఆ దినాన్ని లెక్కలో యాడన్నా ఇడిసిపెడతారా?"

మా ఇంట్లోనూ పదకొండో రోజు అంటే పోయిన రోజునుంచే లెక్క. ఇంట్లో ఒక లెక్క, ఆస్పత్రిలో ఒక లెక్కతో ఇన్నేళ్లూ బతికానన్నమాట. డే 3 అంటే మన ఆవలెల్లుండి. అంత గొప్పగా చెప్పుకున్న ఆ మాట చెప్పాల్సిన చోటే వాడలేదు.

"రేపు నాకు టమోటా కోత. ఒక సూదేసుకున్నాను గదా, చాల్లే." సంచీ తీసుకుని లేచింది.

అప్పుడు నిజంగా భయం వేసింది. రేబిస్ మొదలైతే ఇక మందు లేదు. వాకిలి దాకా వెంటపడి చెయ్యి పట్టుకున్నాను. "తప్పు నాదే అక్కా. నా మీద కోపంతో నీ పానం మీదికి తెచ్చుకోవద్దు. ఈడికి రావద్దు, మీ ఊరి సర్కారు ఆస్పత్రిలోనూ ఈ సూది ఏస్తారు. కోతకి ముందో ఎనకో పోయి ఏయించుకో." కార్డు మీద 'రేపు, గురువారం' అని తెలుగులో రాశాను. ఆమె నెంబరు తీసుకున్నాను. ఆమె కార్డు సంచీలో దోపుకుని బయటికి నడిచింది.

ఆమె వెళ్లాక పాత రిజిస్టరు తిరగేశాను. రెండో సూది గడి ఖాళీగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్లకి ప్రాణమంటే లెక్కలేదని ఆ పేర్ల మీద విసుక్కున్నదాన్ని నేనే. వాళ్లలో ఎంతమంది ఒకరోజు ముందు వచ్చి, నాచేత రేపు రమ్మనిపించుకుని వెళ్లిపోయారో ఇప్పుడు తెలిసే దారి లేదు. సిగ్గేసింది. ఉన్న నెంబర్లకల్లా ఫోన్లు చేశాను. కొందరు ఎత్తారు, రమ్మన్నాను. కొందరు ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం దాకా ఆమెకూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. పొద్దు వాలుతుండగా ఆమే చేసింది.

"ఏసినారమ్మా."

రిజిస్టరులో ఆమె పేరు పక్కన రెండో గడి నింపాను.

"ఇంగ ఏడో దినం అంటాండారు ఈడ. అడిగేది మరిసినా. ఆ ఏడు మీ ఏడా, మా ఏడా?"

"సోమవారం అక్కా. వచ్చే సోమవారం."

"ఆ మాట మొదులే సెప్పుంటే, నేను ఒకమారు వచ్చి ఊరికే పోయుండను గదమ్మా," అని ఫోను పెట్టేసింది.