సిమ్మెట్రికల్ కాంపొనెంట్లకు మూడు కాపీలు

ఇంజనీరింగ్‌లో పవర్ సిస్టమ్స్ పేపరు నేను అప్పటికే ఒకసారి తప్పాను. రెండోసారీ తప్పితే చివరి ఏడాదికి పంపరు. పరీక్ష పది రోజుల్లో ఉంది, సిమ్మెట్రికల్ కాంపొనెంట్ల పాఠం మాత్రం బుర్రకెక్కలేదు. లెక్చరర్‌ని అడుగుదామంటే ఆయన ముందు నాకు నోరు పెగలదు. అందుకే ఆయనకు ఉత్తరం రాస్తానని ఇంట్లో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మా నాయన బంగారు గనిలో ఎలక్ట్రీషియన్. గనులు సర్కారు చేతికి వచ్చినాక బల్బు మార్చాలన్నా అర్జీ రాసిన మనిషి.

"పైవాళ్ళకు కాపీ పోకుంటే ఏ ఆఫీసూ జవాబివ్వదమ్మా," అని ఉత్తరం కింద డిపార్టుమెంటు హెచ్చోడీకొకటి, ప్రిన్సిపాల్‌కొకటి కాపీ అని రాయించాడు. ఊరిగాం బజారులో కార్బన్ పేపర్లు పెట్టి టైపు కొట్టించాం. "ఇంగ చూడు, ఆయప్పే పిలిపిస్తాడు."

లెక్చరర్ నిజంగానే పిలిపించారు. ప్రిన్సిపాల్ కాపీ ఆయన చేతిలో ఉంది. మీద ఎర్ర సిరాతో, 'ఈ పాఠం చెప్పారా? రాతలో వివరణ ఇవ్వండి' అని ఉంది.

"సాయం అడిగినాను సార్," అన్నాను.

"సాయం అడిగేది నన్ను, కంప్లయింట్ వాళ్ళిద్దరికీనా? వివరణ నువ్వే రాయి. నేనేం చెప్పినాను, నీకేం తెలీలేదు, రెండూ. అంతా తెలీలేదని రాస్తే చించేస్తాను."

స్టాఫ్ రూములో మూల బెంచీ మీద కూర్చుని రాశాను. లోడు లేని మూడు ఫేజుల లైన్లో ఎ ఫేజు నేలకు తగిలితే ఫాల్ట్ కరెంటు ఆ ఒక్క ఫేజులోనే పోతుంది. దాన్ని లెక్క కోసం పాజిటివ్, నెగటివ్, జీరో అని మూడు కాంపొనెంట్లుగా విడదీస్తే మూడూ సమానం, ఒక్కొక్కటి ఆ కరెంటులో మూడో వంతు. ఇవన్నీ సారు చెప్పారు. బి ఫేజులోనూ ఆ మూడూ ఉంటాయన్నారు. అసలు కరెంటే లేని ఫేజులో మూడు కరెంట్లు ఎలా ఉంటాయి?

రాసింది చదువుకుంటే నా డౌటేమిటో నాకే మొదటిసారి తెలిసింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ ఒక్క వాక్యానికేనా అని నా మీద నాకే కోపమొచ్చింది.

ఆయన చదివి, కాగితం వెనక సమానమైన మూడు బాణాలు గీశారు, ఒకదానికొకటి నూట ఇరవై డిగ్రీల ఎడంతో. "బి ఫేజులో ఇట్లుంటాయి. కలుపు."

ఒకదాని కొసన ఇంకొకటి పెట్టుకుంటూ పోతే త్రిభుజం మూసుకుంది. మొదలుపెట్టిన చోటికే వచ్చాను.

"సున్నా సార్."

"ఎ ఫేజులో?"

"మూడూ ఒకే దిక్కు సార్. కలిస్తే మొత్తం ఫాల్ట్ కరెంటు." చెబుతూ ఏడ్చేశాను. ఆయన తల తిప్పుకుని, ఆ వివరణ కింద సంతకం పెట్టి ప్రిన్సిపాల్‌కి పంపారు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. పాసయ్యాను. "కాపీ పెట్టింది పనిచేసిందా లేదా?" అని నాయన వీధంతా చెప్పుకున్నాడు.

మరుసటి ఏడాది నుంచి ఆ సారు ఏ డౌటైనా కాగితం మీద రాసిస్తేనే చెప్పేవారు. ఒక్క కాగితం మీదే, కార్బన్ పెట్టకుండా.