అల్మారా తలుపు మీది చీటీ

పోయిన వారం మా మనవరాలు హాస్టలు ఖాళీ చేస్తా, గదిలోవాళ్ళకి ఇంగ్లీషులో రాసిన నాలుగు ముక్కలు ఫోన్లో నా ముందర పెట్టి, "తాతా, తప్పులుంటే దిద్దు" అనింది. కండ్లద్దాలు కనపడలేదని తప్పించుకున్నాను. అద్దాలు నా ముక్కు మీదే ఉండాయి. ఆ పిల్ల నవ్వి పోయింది గానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు. అట్లాంటి చీటీ ఒకదాన్ని నేను ముందొకసారి దిద్దినాను.

ఎనభైల మొదట్లో తమిళనాడు కృష్ణగిరిలో చదివేటప్పుడు మేము ముగ్గురం ఒకే గదిలో ఉంటిమి. మాది హోసూరులో జవళి అంగడి, నేను తెలుగు బడిలో చదివినవాణ్ణి. అత్తిముగం రైతుబిడ్డ ఒకడు, వాడిది అరవ బడి. కెలవరపల్లి వాడు ఇంకొకడు, వాడిది కన్నడ బడి. ముగ్గురం పొద్దస్తమానం తెలుగులోనే వాదులాడుకుంటాం, కానీ ఒకడి రాత ఇంకొకడికి చదవను రాదు. అందుకని గదిలో ఏది రాయాలన్నా ఇంగ్లీషే. తాళంచెవి యాడ పెట్టినామో చెప్పే ముక్క గూడా ఇంగ్లీషే. దాంట్లో నేను కొంచెం గట్టివాణ్ణి, ఆ మిడిసిపాటు నాకు బాగానే ఉండింది.

హాస్టలు వదిలిపోయేవాడు ఒక చీటీ రాసి అల్మారా తలుపు లోపలివైపు అతికించి పోవడం మా ఆనవాయితీ. కెలవరపల్లి వాడికి సేలంలో ఉద్యోగం దొరికి, చదువు మధ్యలోనే పోవాల్సి వచ్చింది. అత్తిముగం వాడేమో అప్పుడు చెనిక్కాయలు పీకను ఊరికి పోయినాడు. "వాణ్ణి చూడకుండానే పోతావుండానప్పా. అందుకే చెప్పాల్సిందంతా ఇందులో రాసినాను, కొంచెం దిద్దు" అని పెన్సిలుతో రాసిన కాగితం నా చేతిలో పెట్టినాడు.

పద్ధతిగానే రాసినాడు. కుడిపక్క పైన ఊరు, తేదీ. ఎడమపక్క 'మై డియర్ రూమ్మేట్స్', దాని పక్కన కామా. ఎందుకు పోతావుండాడో రెండు వరసలు, ఆ తర్వాత కృతజ్ఞతలు, తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మన్నించమనే మాట, బకెట్టు అత్తిముగం వాడికనీ గొడుగు నాకనీ పంపకం, సేలం విలాసం, అడుగున 'యువర్స్ అఫెక్షనేట్లీ', సంతకం. తప్పులు పెద్దగా లేవు. కృతజ్ఞతల కాడికి వచ్చేసరికి నా కడుపు మండింది. ఇంగ్లీషు నేర్పినందుకు నాకు ఒక్క వరస. అత్తిముగం వాడికి ఎనిమిది.

ఆ ముందు ఎండాకాలం కెలవరపల్లి వాడికి హాస్టల్లోనే అమ్మవారు పోసింది, ఒళ్ళంతా పొక్కులు. సంగతి తెలిసిన పొద్దే నేను హోసూరు బస్సెక్కినాను. అత్తిముగం వాడు కదల్లేదు. వేపాకు పరిచినాడు, రాగి అంబలి తాగించినాడు, గుడ్డలు ఉతికినాడు. 'సొంతవాళ్ళు వాకిట్లో నిలబడిపోయినారు, నువ్వు లోపలికి వచ్చినావు. నాకు అన్న లేడనే మాట ఇంక నేను అనను' అని తనకొచ్చిన ఇంగ్లీషులో రాసుకున్నాడు. నేను పారిపోయిన సంగతి మాత్రం యాడా రాయలేదు. అది ఇంకా గుచ్చుకునింది.

ఎర్ర ఇంకు పెన్ను తీసి ఎనిమిది వరసలూ కొట్టేసినాను. "ఇంగ్లీషు వీడ్కోలులో రోగాల మాట రాయరప్పా, మర్యాద కాదు" అన్నాను.

"అంతా తీసేయాల్నా? వాడు నొచ్చుకోడా?"

"ఇద్దరికీ రాసేటప్పుడు ఇద్దరికీ సమంగా రాయాల."

మీ ఇద్దరికీ అన్నిటికీ కృతజ్ఞతలు అనే ఒక వాక్యం నేనే రాసిచ్చినాను. నా మాట వాడికి వేదం. మంచి కాగితం మీద ఇంకు పెన్నుతో చక్కగా ఎత్తి రాసి, మైదాపిండి ఉడికించి అతికించి, పొద్దున బస్సుకి పోయినాడు. పెన్సిలు కాగితం నా దగ్గరే ఉండిపోయింది.

రెండు దినాలకి అత్తిముగం వాడు చెనిక్కాయల మూటతో వచ్చినాడు. ఖాళీ మంచం చూసి, అల్మారా తెరిచి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినాడు. చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వచ్చినాడు. "బకెట్టు మాట తప్ప నా గురించి యాడ రాసినాడప్పా?" అన్నాడు. మీ ఇద్దరికీ అనే చోట వేలు పెట్టి చూపించినాను. "సరేలే, ఆత్రంలో రాసినట్టుండాడు" అని అల్మారా మూసినాడు. బకెట్టు ముట్టలేదు. సేలానికి ఒక్క జాబు గూడా రాయలేదు. వాడు ఎందుకు రాయడం లేదని సేలం నుంచి నాకు మూడు ఉత్తరాలు వచ్చినాయి. నేనూ జవాబియ్యలేదు.

మనవరాలు అవతలికి పోయినాక పెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీసినాను. ఎర్ర ఇంకు వెలిసిపోయింది, పెన్సిలు రాత చక్కగా చదవను వస్తుంది. సిగ్గేస్తుంది అనుకుంటే, ఇది నాకు రాసి ఉంటే ఎంత బాగుండు అనే మాటే ముందు మనసులోకి వచ్చింది. నలభై ఏండ్లు నా గీతల్ని చెరిపినాయి గానీ, ఆ గీతలు గీయించిన కుళ్ళుని తాకను గూడా లేదు.