పక్క గదిలోంచి వచ్చిన మెయిల్

మడికొండ ఐటీ పార్కులో మా ఆఫీసుకి రెండు గదులు. ఒక గదిలో మేమందరం కూర్చుంటాం. రెండో గదిలో అన్న ఒక్కడే కూర్చుంటాడు. ఆ తలుపు మీద ఇత్తడి అక్షరాలతో సీఈవో అని ఉంటుంది. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు, కంపెనీ పెట్టినవాడు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో కొన్నేళ్లు చేసి వచ్చాడు. ఆ ఉద్యోగం వదిలాడు గానీ ఆ భాష మాత్రం వదల్లేదు.

మేం అమ్మేది ఫోన్లో వాడుకునే ఒక యాప్. మగ్గాల కార్ఖానాలో నూలు ఎంతుంది, సరుకు ఎంత పోయింది, ఏ ఆర్డరు ఎక్కడ ఆగింది అన్నది చూపిస్తుంది. దాని గురించి కొనేవాళ్లకు ఉత్తరాలు రాయడం నా పని. ఆ పని ఏఐకి అప్పజెప్పాలని అన్నకు నిరుటి నుంచీ ఆశ. "ఈ పెద్ద బట్టల కంపెనీ ఆర్డరు వచ్చేదాక చూద్దాం చెల్లె," అన్నాడొకరోజు. అంటే నా ఉద్యోగం అప్పటిదాకే అని నాకు అర్థమైంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే నాకంటే ముందు మా అత్తమ్మ ఏడుస్తుంది, ఆమెను ఓదార్చే పని కూడా నా మీదే పడుతుంది.

అప్పుడే మా యాప్ కొత్తది వచ్చింది. పాతది ఆపేస్తున్నామని అందరికీ చెప్పాలి. "మనం చిన్నోళ్లం అని తెల్వొద్దు. జర వజనుగ రాయి," అన్నాడు అన్న. నేను రాసింది పక్కన పెట్టి తనే రాశాడు. ప్రస్తుత ప్లాట్‌ఫారం దశలవారీగా ఉపసంహరించబడునని, నిర్ణీత గడువులోగా సమ్మతి తెలియజేయనిచో సేవలు నిలిపివేయబడునని. చదివితే నాకే లేచి నిలబడాలనిపించింది.

రెండు రోజులకు కొత్తవాడ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఇంట్లోనే జంపఖానాల కార్ఖానా పెట్టుకుని, నూలు తేవడం నుంచి సరుకు అమ్మడం దాకా తనే చూసుకునే మనిషి. మా ఉత్తరాన్ని ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చాడు. పక్కన తమ్ముణ్ని కూడా సాక్ష్యానికి తెచ్చుకున్నాడు.

"నోటీసు ఎందుకిచ్చిండ్రు బిడ్డా?" అన్నాడు. "కరెంటోళ్లను అడిగినం, జీఎస్టీ వాళ్లను అడిగినం. మాకు తెల్వదన్నరు. నేనేం తప్పు చేసిన?"

తప్పేమీ లేదని, ఫోన్లో ఒక్కసారి బటన్ నొక్కితే చాలని, పాత లెక్కలన్నీ వాటంతటవే వస్తాయని చెప్పాను. ఆయన తమ్ముడి మొహం చూశాడు. "గింతేనా? గిదే రాస్తే అయిపోతుండె గదా," అని అక్కడే కూర్చుని మంచినీళ్లు అడిగాడు. మా ఉత్తరం అందాక ఆ ఇంట్లో రెండు రాత్రులు ఎవరూ సరిగా నిద్రపోలేదట. నాకు అన్న మీద మండిపోయింది.

ఆ సాయంత్రమే అందరికీ మళ్లీ రాశాను. కార్ఖానా నడిపేవాడికి సంస్థ వేరు, తను వేరు కాదు. ఉత్తరం నేరుగా ఆయనకే తగులుతుంది. అందుకని మనిషి మనిషికి రాసినట్టే రాశాను. మీ లెక్కలు ఎక్కడికీ పోవు, చేయాల్సింది ఈ ఒక్క పని, అర్థం కాకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, ఎత్తేది నేనే అని. ఫోన్లు వచ్చాయి. ఇద్దరు ముగ్గురు తమ పిల్లల పెళ్లిళ్లకు కూడా పిలిచారు.

అది చూసి అన్న తబ్బిబ్బయ్యాడు. మనిషి మంచివాడే, మధ్యలో ఆగడం తెలియదు. అదే తీరులో ఇంగ్లీషులో ఇంకో ఉత్తరం రాసి, మేం ఆర్డరు కోసం ఎదురుచూస్తున్న పెద్ద బట్టల కంపెనీలో వైస్ ప్రెసిడెంటుకి పంపాడు. "ఆయన గూడ మనిషే గదా చెల్లె," అన్నాడు. పొద్దున్నే లేవగానే నూలు సరిపోతుందా అన్న మీ గుబులు మాకు తెలుసు, అని మొదలుపెట్టాడు. ఆ పెద్దమనిషికి నూలు గురించి గుబులు పడే మేనేజర్లు వేరే ఉంటారు. ఆ గుబులు తన దాకా రాకుండా చూడటానికే వాళ్లకు జీతాలు.

జవాబు రెండు వాక్యాలు. నా నుంచి మీకు ఏ నిర్ణయం కావాలి? అది నా స్థాయిది కాకపోతే సంబంధిత మేనేజరుకు రాయండి.

అన్న గదిలోంచి బయటికి రాలేదు. తలుపు తోసుకుని నేనే వెళ్లాను. ఈసారి నన్ను రాయనివ్వమన్నాను. ఆ స్థాయి మనిషి మెయిల్ చదివి ఊరుకోడు, ఇంకో ముగ్గురికి పంపుతాడు. కాబట్టి మనకు ఏం కావాలో మొదటి వాక్యంలోనే ఉండాలి. ఒక్క యూనిట్లో మూడు నెలలు నడిపి చూడటానికి మీ అనుమతి కావాలి, అంతే. ఆ తర్వాత, దాంతో కంపెనీకి ఏం ఒరుగుతుంది, ఫలించకపోతే ఎంతవరకు నష్టం, డేటా ఎవరి చేతిలో ఉంటుంది, ఎప్పటిలోగా చెప్పాలి. మిగతా వివరాలు జతచేసిన పత్రంలో పెట్టాలి, అవి చదివేది కింది వాళ్లు. పొగడ్తలు వద్దు, గుబుళ్లు అసలే వద్దు.

"గింత పొట్టిగ రాస్తే మర్యాద తక్కువైనట్టుండదా?"

"ఆయన టైం తినకపోవుడే మర్యాద అన్నా."

అనుమతి వచ్చింది, దాని వెంటే ఆ మూడు నెలల ఆర్డరూ. అన్న హన్మకొండ నుంచి మిఠాయి తెప్పించాడు. అందరి ముందూ, "చిన్నోళ్లకొక తీరు, పెద్దోళ్లకొక తీరు. మా చెల్లె రెండు తీర్లూ పట్టేసింది," అన్నాడు. నాకు నిజంగానే సంతోషమేసింది. నా తిప్పలు తీరాయనుకున్నాను.

సోమవారం పొద్దున నాకో మెయిల్ వచ్చింది. పక్క గదిలోంచి. సంస్థ వ్యూహాత్మక వృద్ధి గురించి ఒక పేరా, మారుతున్న సాంకేతికత గురించి ఇంకో పేరా, నా విశిష్ట సేవలను కొనియాడుతూ మూడోది. నాలుగో పేరాలో, కమ్యూనికేషన్ విధులు స్వయంచాలకం చేయబడుచున్నందున నా స్థానం పునఃపరిశీలించబడినదని ఉంది. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే. నేను రాసిన రెండు ఉత్తరాలనూ ఏఐకి నమూనాలుగా ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

ఏడుపు వచ్చింది. దానికంటే ముందు నవ్వొచ్చింది. పెద్దవాళ్లకు రాసే తీరనుకుంటే అసలు సంగతి మొదటి వాక్యంలో ఉండాలి, నాలుగో పేరాలో ఉంది. చిన్నవాళ్లకు రాసే తీరనుకుంటే తీసేస్తున్నది ఎవరో చెప్పాలి, ఎక్కడా ఒక్క మనిషి లేడు. నా కొలువు తీసే ఉత్తరం కూడా నా చేత రాయించుకుని ఉంటే బాగుండేది.

ఆ పనే చేశాను. ఒక కాగితం మీద తెలుగులో రాసి, మెయిల్ ప్రింటుతో పాటు పట్టుకుని అన్న గదిలోకి వెళ్లాను.

"నోటీసు ఎందుకిచ్చినవ్ అన్నా?" అన్నాను. "నేనేం తప్పు చేసిన?"

ఆయన ప్రింటు వంక చూసి, చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నీ తప్పేం లేదు చెల్లె. ఖర్చు తగ్గించాలె గదా."

"అయితే గట్లనే చెప్పు. నేను రాసిచ్చిన. జర చదువు."

కాగితం తీసుకున్నాడు. పైకి చదవమన్నాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"చెల్లె, వచ్చే నెల నుంచి నువ్వు రావద్దు. నువ్వు తెచ్చిన ఆర్డరుతోనే ఈ ఆఫీసు నడుస్తది, అయినా నిన్ను తీసేస్తున్న. తీసేసేది కంపెనీ కాదు, నేనే."

మొదటి వాక్యం బాగానే చదివాడు. రెండోదానికి గొంతు దిగింది. మూడోదాంట్లో 'నేనే' దగ్గర ఆగిపోయాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"గిది పంపుడు నాతోని కాదు," అన్నాడు.

"అయితే నేను పోయి పని చేసుకోనా?"

తల ఊపాడు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు వచ్చింది అసలైన ఏడుపు. మధ్యాహ్నానికి పక్క గది నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల పొద్దున పంపిన సందేశం ఉపసంహరించబడినదని.